టెస్ట్ పదింటికి, మరి పిల్లలు రావాల్సింది ఎప్పుడు? ప్లేస్‌మెంట్ సెల్ ప్రకటన రాసే పద్ధతి

కంపెనీ మెయిల్ ఎప్పుడూ సాయంత్రం ఐదున్నరకే వస్తుంది. ఆరింటికల్లా ఫైనలియర్ గ్రూపులో మెసేజ్ పడకపోతే ఏడింటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఆ అరగంట హడావిడిలో రాసిన నాలుగు లైన్లలోనే రేపటి తలనొప్పి అంతా దాక్కుని ఉంటుంది.

హనుమకొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో పని చేస్తాను. కొత్తలో నేను పంపిన ఒక మెసేజ్ ఇప్పటికీ గుర్తుంది: "రేపు 12.00కు టెస్ట్. అందరూ ముందుగానే రావాలి, అవసరమైన డాక్యుమెంట్లు తెచ్చుకోవాలి." మర్నాడు కొందరు తొమ్మిదింటికే వచ్చి వరండాలో కూర్చున్నారు. కొందరు పన్నెండుకు పది నిమిషాల ముందు ఆటో దిగారు. ఒకబ్బాయి అసలు రాలేదు. ఫోన్ చేస్తే నిద్రమొహంతో, "ఆన్‌లైన్ టెస్టే కద సార్, రాత్రి పన్నెండింటికి లింకు వస్తదనుకున్న" అన్నాడు. అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. పగలా రాత్రా అని రాయనిది నేనే. ఎంత ముందు రావాలో, ఏ డాక్యుమెంట్లు తేవాలో రాయనిదీ నేనే.

సెల్‌లోకి కొత్తగా వచ్చిన ఫ్యాకల్టీ కోఆర్డినేటర్లకూ, స్టూడెంట్ కోఆర్డినేటర్లకూ పనికొచ్చేలా ఒక ప్రకటన మొదటి నుంచి చివరిదాకా ఎలా తయారవుతుందో చెబుతాను. మన ల్యాబుల్లోనే జరిగే ఆన్‌లైన్ టెస్టు సంగతే తీసుకుంటాను, మనకు ఎక్కువగా పడేది అదే కాబట్టి. లెక్క కోసం ఒక ఉదాహరణ పెట్టుకుందాం. నవంబర్ 19, గురువారం టెస్ట్. అర్హుల లిస్టులో 164 మంది ఉన్నారు. రెండు ల్యాబుల్లో కలిపి 100 సిస్టమ్‌లు ఉన్నాయి.

ముందు మెయిల్ చదవడం, తర్వాతే మెసేజ్ రాయడం

కంపెనీ మెయిల్‌ను ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేయడం సులువు, కానీ ఆ మెయిల్ రాసింది మన పిల్లల కోసం కాదు. అందులో నాలుగు విషయాలు తేలేదాకా నేను గ్రూపులో ఏమీ పెట్టను.

మొదటిది, టైమ్ ఏ దేశానిది అన్నది. టెస్ట్ నడిపే ప్లాట్‌ఫామ్ తనంతట తాను పంపే మెయిళ్ళలో ఒక్కోసారి `04:30 UTC` అని ఉంటుంది. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన టైమ్ వస్తుంది, అంటే పొద్దున పది. హెచ్ఆర్ రాసిన మెయిల్లో పది అనీ, ప్లాట్‌ఫామ్ మెయిల్లో నాలుగున్నర అనీ కనిపిస్తే పిల్లలు సాయంత్రం నాలుగున్నర అనుకుంటారు. రెండూ ఒకటేనని ప్రకటనలో ఒక్క లైను రాస్తే చాలు.

రెండోది, విండో వేరు, డ్యూరేషన్ వేరు. "పది నుంచి ఒంటిగంట వరకు, 100 నిమిషాలు" అని ఉందనుకోండి. పన్నెండింటికి లాగిన్ అయినవాడికి 100 నిమిషాలూ ఇస్తారా, లేక ఒంటిగంటకు టక్కున మూసేస్తారా? ప్లాట్‌ఫామ్‌లో కంపెనీ పెట్టిన సెట్టింగును బట్టి రెండు రకాలుగానూ జరుగుతుంది. దీన్ని ఊహించకూడదు, అడగాలి. చివరి లాగిన్ ఎన్ని గంటలకు అన్నది కూడా అదే మెయిల్లో అడిగేయండి. మన ఉదాహరణలో పదింటికి మొదలు, పదింపావు తర్వాత లాగిన్ ఉండదని కంపెనీ చెప్పింది అనుకుందాం.

మూడోది ఓటీపీ. ఇది చాలామందికి తట్టదు. ల్యాబులోకి ఫోన్ తేవద్దని మనం రాస్తాం. లాగిన్ అవ్వబోతే ఓటీపీ ఆ ఫోనుకే వస్తుంది. 80 మంది ఒక్కసారిగా లేచి బయట సంచుల్లో ఫోన్లు వెతుక్కునే దృశ్యం నేను ఒకసారి చూశాను, రెండోసారి చూడదలచుకోలేదు. ఓటీపీ మొబైల్‌కు వస్తుందా, మెయిల్‌కు వస్తుందా అని ముందే కనుక్కోండి. మెయిల్‌కు వచ్చేదైతే పిల్లలకు ఆ మెయిల్ పాస్‌వర్డ్ నోటికి వచ్చి ఉండాలి. ఫోన్లో ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉంటుంది కాబట్టి సగం మందికి అది గుర్తుండదు. పైగా ల్యాబ్ సిస్టమ్‌లో కొత్తగా లాగిన్ అయితే జీమెయిల్ కూడా ఒక్కోసారి ఫోన్‌లో నొక్కి ఒప్పుకోమంటుంది. అందుకే మేము ఫోన్లను గేటు దగ్గర తీసుకోము. లాగిన్ పూర్తయ్యాక, పరీక్ష మొదలయ్యే ముందు, వరసల వారీగా అట్టపెట్టెలో వేయిస్తాం.

నాలుగోది, గుర్తింపు కార్డు ఒరిజినలే కావాలా, ఏది చెల్లుతుంది అన్నది. దీని గురించి కింద వివరంగా చెబుతాను.

రిపోర్టింగ్ టైమ్ లెక్కతో రావాలి

టెస్ట్ పదింటికి అంటే చాలామంది కళ్ళు మూసుకుని ఎనిమిదింటికి రమ్మంటారు. ఇంకా భయస్తులు ఏడున్నర అంటారు. మన పిల్లలు ఎలాగూ లేటుగా వస్తారు, అందుకని గంట ముందుకు జరుపుదాం అన్నది ఆ లెక్క. మొదటి కంపెనీకి అది పనిచేస్తుంది. ఏడున్నరకు వచ్చి తొమ్మిదిన్నర దాకా ఖాళీగా కూర్చున్న పిల్లలు రెండో కంపెనీకి ఎనిమిదిన్నరకు వస్తారు, మూడోదానికి తొమ్మిదింబావుకు వస్తారు. అప్పుడు మనం ఇంకో గంట ముందుకు జరుపుతాం. డిసెంబర్ వచ్చేసరికి మనం రాసే టైమ్‌ను ఎవరూ లెక్కచేయరు. మనం అబద్ధం చెబుతున్నామని వాళ్ళకు తెలుసు, వాళ్ళకు తెలుసని మనకూ తెలుసు.

అందుకని టెస్ట్ టైమ్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి. ఒక్కో పనికి నిజంగా ఎంతసేపు పడుతుందో వాచీ పెట్టుకుని ఒకసారి చూస్తే చాలు.

ముందు సీట్ల సంగతి. 100 సిస్టమ్‌లు ఉన్నాయని 100 మందిని కూర్చోబెట్టకూడదు. పది వదిలేయండి. కెమెరా పనిచేయనిది ఒకటి, కీబోర్డులో ఎంటర్ ఇరుక్కునేది ఒకటి, మధ్యలో రీస్టార్ట్ అయ్యేది ఒకటి ఎప్పుడూ ఉంటాయి. మిగిలిన 90లో 164 మంది ఒకేసారి పట్టరు కాబట్టి 82 చొప్పున రెండు బ్యాచ్‌లు అవుతాయి. రెండో బ్యాచ్‌కు కంపెనీ మధ్యాహ్నం రెండింటికి వేరే స్లాట్ ఇచ్చిందని అనుకుందాం.

ఇప్పుడు మొదటి బ్యాచ్‌ను వెనక్కి లెక్కేద్దాం. టెస్ట్ 10:00కు. లాగిన్, ఓటీపీ, ఫోటో తీసుకోవడం, రూల్స్ పేజీ చదివి ఒప్పుకోవడం, ఫోన్లు పెట్టెలో వేయడం, వీటన్నిటికీ 15 నిమిషాలు. అంటే 9:45కు అందరూ తెరల ముందు ఉండాలి. దానికి ముందు ల్యాబుకు నడిచి సీటు వెతుక్కోవడం, కెమెరా, కీబోర్డు చూసుకోవడం, బాగాలేని సిస్టమ్ మార్పించుకోవడం అరగంట పని. అంటే 9:15కు సెమినార్ హాల్లో పేర్లు చూసే పని ముగియాలి.

పేర్లు చూసే దగ్గరే అసలు కథ ఉంది. ఒక పిల్లో పిల్లవాడో వచ్చి కార్డు చూపించి, లిస్టులో పేరు వెతికి, సంతకం పెట్టి, సీటు నంబరు తీసుకోవడానికి సుమారు 40 సెకన్లు పడుతుంది. ఒకే టేబుల్ పెడితే 82 మందికి 55 నిమిషాలు. రెండు టేబుళ్ళు పెడితే 27 నిమిషాలు చాలు. అంటే ఇంకో కుర్చీ, బల్ల, ఒక జూనియర్‌ను పెట్టుకుంటే 82 మందికి అరగంట నిద్ర మిగులుతుంది. రెండు టేబుళ్ళ లెక్కన 8:45 మన రిపోర్టింగ్ టైమ్. ఎనిమిదీ కాదు, ఏడున్నరా కాదు.

ఇక్కడ ఇంకో చిన్న పని చేయొచ్చు. ఆ 82 మందిలో హాస్టల్ వాళ్ళు 45 మంది, బయటి నుంచి వచ్చేవాళ్ళు 37 మంది ఉన్నారనుకోండి. అందరినీ 8:45కు పిలిస్తే చివరి వాడు క్యూలో అరగంట నిలబడతాడు. హాస్టల్ వాళ్ళను 8:45కు, బయటి వాళ్ళను 9:00కు పిలిస్తే రెండు టేబుళ్ళ మీద మొదటి గుంపు పావుగంటలో అయిపోతుంది, రెండో గుంపు 13 నిమిషాల్లో అయిపోతుంది. ముగిసేది 9:15లోపే, కానీ ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు పావుగంట మిగిలింది.

పావుగంటతో ఏం ఒరుగుతుందని అనొద్దు. పరకాల నుంచి వచ్చే అమ్మాయిని తీసుకోండి. పల్లెవెలుగు బస్సులో హనుమకొండకు గంటకు పైనే పడుతుంది. బస్టాండ్‌లో దిగి, హసన్‌పర్తి రోడ్డు వైపు షేర్ ఆటో నిండేదాకా కూర్చుని కాలేజీ గేటుకు చేరేసరికి ఇంకో అరగంట. 8:45 అంటే ఆమె ఏడింటి బస్సు పట్టుకోవాలి, అది తప్పితే ఇక అంతే. 9:00 అంటే ఆ తర్వాతి బస్సుకు కాస్త ఆశ ఉంటుంది. జనగామ, ఘన్‌పూర్ వైపు నుంచీ, జమ్మికుంట వైపు నుంచీ రైలుకు వచ్చేవాళ్ళు కాజీపేటలో దిగి మళ్ళీ ఆటో ఎక్కాలి. ఏ ఊరి పిల్లలు ఎందరున్నారో సెమిస్టర్ మొదట్లోనే ఒక షీట్‌లో రాసి పెట్టుకుంటే ప్రతిసారీ గుడ్డిగా అనుకోవాల్సిన పని ఉండదు.

లేటుగా వచ్చేవాళ్ళ సంగతి కూడా ముందే తేల్చుకుని నిజమే రాయండి. మేము రెండు గీతలు పెట్టుకుంటాం. 9:15 దాటి వచ్చినవాళ్ళు మిగిలిన సిస్టమ్‌ల దగ్గర కూర్చుంటారు, వాళ్ళ కోసం మంచి సిస్టమ్ వెతికి ఇవ్వడం ఉండదు. 9:45 దాటితే లోపలికి పంపం. "ఒక్క నిమిషం లేటైనా ఒప్పుకోం" అని రాసి, తీరా పది నిమిషాలు లేటుగా వచ్చినవాణ్ణి జాలిపడి పంపితే, ఆ వార్త సాయంత్రానికి హాస్టల్ మొత్తం తిరుగుతుంది.

రెండో బ్యాచ్‌కూ అదే లెక్క, 12:45, 1:00. మొదటి బ్యాచ్ 11:40కి ముగుస్తుంది. వాళ్ళను పన్నెండింటికల్లా వేరే మెట్ల నుంచి కిందికి పంపేస్తే రెండు బ్యాచ్‌లూ ఎదురుపడవు. ప్రశ్నలు మారతాయని కంపెనీ చెప్పినా సరే, వరండాలో "ఏమొచ్చినయ్‌రా?" అనే మాట వినిపిస్తే కంపెనీ మనిషి ముఖం మారిపోతుంది.

ఏం తేవాలి: ప్రతి వస్తువుకూ ఎక్కడ, ఎందుకు

"అన్ని సర్టిఫికెట్లు తేవాలి" అని రాస్తే పిల్లలు ఫైలు మోసుకొస్తారు, అందులో కావాల్సిన ఒక్క కాగితం ఉండదు. ఆన్‌లైన్ టెస్ట్ రోజున టెన్త్ మెమో, ఇంటర్ మెమో, సెమిస్టర్ మెమోల ఒరిజినల్స్ ఎవరూ చూడరు. అవి ఇంటర్వ్యూ రోజు పని. అనవసరంగా తెప్పిస్తే 80 మంది ఒరిజినల్స్ సెమినార్ హాల్ కుర్చీల మీద పడి ఉంటాయి, పోతే ఎవరిది బాధ్యత? కాబట్టి టెస్టుకు కావాల్సినవే రాయండి, ఏది ఎక్కడ చూస్తారో పక్కనే రాయండి.

గుర్తింపు కార్డు దగ్గర మూడు చిక్కులు వస్తాయి. మగపిల్లల్లో చాలామందికి ఆధార్ ఫోన్లో ఫోటోగానే ఉంటుంది. ఆ ఫోన్ పెట్టెలోకి పోయాక కెమెరా ముందు కార్డు చూపించమంటే చూపించడానికి ఏమీ ఉండదు. ఆడపిల్లలకు ఈ ఇబ్బంది తక్కువ. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ కోసం కార్డు చూపించాలి కాబట్టి అది పర్సులోనే ఉంటుంది. అందుకే నేను "ఆధార్ తేవాలి" అని రాయను, "చేతిలో పట్టుకునే ఆధార్ కార్డు, ఫోన్లో ఫోటో చెల్లదు" అని రాస్తాను.

రెండో చిక్కు పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటుంది, కంపెనీ ఫారంలో పిల్లవాడు ఇంటిపేరును చివర పెట్టి నింపుతాడు. మనకు ముగ్గురూ ఒక్కరేనని తెలుసు. ఎక్కడో కూర్చుని కెమెరాలో చూసే ప్రాక్టర్‌కు తెలియదు. ఇలాంటివి టెస్ట్ ముందురోజు తేలాలి. లిస్టు అంటించినప్పుడే "మీ ఆధార్‌లో పేరు ఈ లిస్టులో పేరుకు తేడా ఉంటే బుధవారం మూడింటిలోపు సెల్‌కు రండి" అని రాస్తే పది మందో పదిహేను మందో వస్తారు. వాళ్ళ పేర్లు ఒకే మెయిల్లో కంపెనీకి పంపి, కాలేజీ ఐడీ కార్డు కూడా వెంట ఉంచుకోమని చెబితే సరిపోతుంది. కాలేజీ ఐడీలో టెన్త్ మెమో పేరే ఉంటుంది కాబట్టి అది రెండిటి మధ్య వంతెనలా పనికొస్తుంది.

మూడోది జిరాక్స్. కాపీ కావాలని కంపెనీ అడిగితే తప్ప అడగకండి. అడిగితే మాత్రం, నంబర్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చెల్లుతుందా అని కనుక్కుని, చెల్లితే అదే తెమ్మనండి. 164 మంది పూర్తి ఆధార్ నంబర్ల కాగితాలు సెల్ బీరువాలో పెట్టుకుని మనం చేసేదేమీ లేదు. ఇంకో మాట, జిరాక్స్ ముందురోజు సాయంత్రమే తీయించుకోమని రాయండి. పొద్దున ఎనిమిదిన్నరకు కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటర్ షట్టర్ సగమే లేచి ఉంటుంది, దాని ముందు 30 మంది నిలబడి ఉంటారు, మీ రిపోర్టింగ్ టైమ్ అక్కడే కరిగిపోతుంది.

మిగతావి తేలికే. రెండు పెన్నులు, మంచినీళ్ళ సీసా, లాగిన్ మెయిల్ పాస్‌వర్డ్. రఫ్ కాగితాలు కంపెనీ ఒప్పుకుంటే మనమే ఇస్తాం, ఎందుకంటే తిరిగి తీసుకోవాల్సిందీ మనమే. తేకూడనివి కూడా రాయాలి: స్మార్ట్‌వాచ్, ఇయర్‌బడ్స్, క్యాలిక్యులేటర్. హెడ్‌ఫోన్ కావాల్సిన టెస్ట్ అయితే వైరున్నదే తేవాలని విడిగా రాయండి, లేకపోతే ఇయర్‌బడ్స్ వద్దన్న మాటకు, హెడ్‌ఫోన్ తెమ్మన్న మాటకు పొంతన కుదరక పిల్లలు రాత్రి పదింటికి ఫోన్ చేస్తారు.

మెసేజ్ ఇలా ఉంటుంది

అధికారిక మెయిల్ ఇంగ్లీషులోనే పోతుంది. గ్రూపులో మాత్రం నేను తెలుగులో పెడతాను. పొడవైన మెసేజ్‌ను వాట్సాప్ మడిచేసి కింద `Read more` అని చూపిస్తుంది. దాన్ని నొక్కేవాళ్ళు కొందరే. కాబట్టి ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి అన్నది మొదటి నాలుగైదు లైన్లలోనే అయిపోవాలి. "ప్రియమైన విద్యార్థులారా, ప్రతిష్ఠాత్మకమైన ఈ సంస్థ" అంటూ మొదలుపెడితే టైమ్ కాస్తా మడతలోకి పోతుంది.

> ప్రకటన 1. నవంబర్ 17, మంగళవారం, సాయంత్రం 6:00
>
> నవంబర్ 19, గురువారం ఆన్‌లైన్ టెస్ట్. మన కాలేజీ ల్యాబుల్లోనే. అందరూ ముందు సెమినార్ హాల్‌కు రావాలి.
> మొదటి బ్యాచ్: హాస్టల్ వాళ్ళు ఉదయం 8:45, బయటి నుంచి వచ్చేవాళ్ళు ఉదయం 9:00. టెస్ట్ ఉదయం 10:00 నుంచి 11:40.
> రెండో బ్యాచ్: హాస్టల్ వాళ్ళు మధ్యాహ్నం 12:45, బయటి నుంచి వచ్చేవాళ్ళు మధ్యాహ్నం 1:00. టెస్ట్ మధ్యాహ్నం 2:00 నుంచి 3:40.
> మీది ఏ బ్యాచో కింది లిస్టులో హాల్ టికెట్ నంబర్ పక్కన ఉంది. బ్యాచ్ మార్చడం కుదరదు.
>
> అంత ముందెందుకు (మొదటి బ్యాచ్): 9:15 దాకా కార్డు చూసి సీటు ఇస్తాం. 9:45 దాకా సిస్టమ్, కెమెరా చూసుకోవాలి. 9:45కు లాగిన్, ఓటీపీ. 9:15 తర్వాత వస్తే మిగిలిన సిస్టమే. 9:45 తర్వాత వస్తే లోపలికి పంపం, 10:15కు కంపెనీ లాగిన్ మూసేస్తుంది. రెండో బ్యాచ్‌కు ఇవే గీతలు 1:15, 1:45.
> ప్లాట్‌ఫామ్ మెయిల్లో 04:30 UTC అని ఉంటే అది మన ఉదయం 10:00, 08:30 UTC అంటే మధ్యాహ్నం 2:00. కంగారు పడొద్దు.
>
> తేవాల్సినవి: ఆధార్ కార్డు (చేతిలో పట్టుకునేది, ఫోన్లో ఫోటో చెల్లదు), కాలేజీ ఐడీ, రెండు పెన్నులు, నీళ్ళు. అప్లికేషన్‌లో ఇచ్చిన మెయిల్ పాస్‌వర్డ్ ఈ రాత్రే ఒకసారి వేసి చూసుకోండి.
> ఫోన్ తెచ్చుకోవచ్చు, చార్జింగ్ ఉండాలి. ఓటీపీ దానికే వస్తుంది. లాగిన్ అయ్యాక తీసుకుంటాం.
> వద్దు: స్మార్ట్‌వాచ్, ఇయర్‌బడ్స్, క్యాలిక్యులేటర్, ఒరిజినల్ మెమోలు.
>
> ఆధార్‌లో పేరు, లిస్టులో పేరు వేరుగా ఉంటే బుధవారం మధ్యాహ్నం 3:00లోపు సెల్‌కు రండి.
> మొదటి బ్యాచ్ టిఫిన్ చేసి, రెండో బ్యాచ్ అన్నం తిని రావాలి. ల్యాబులోకి తినేవి తేవద్దు.
> టెస్ట్ అయ్యాక ఆగాల్సిన పని లేదు. రిజల్ట్ ఆ రోజు రాదు.

ఇందులో తేదీ పక్కన వారం ఊరికే పెట్టలేదు. తేదీ తప్పుగా కొట్టినా వారం తప్పు కొట్టం. రెండూ కలవకపోతే ఎవరో ఒకరు "సార్, 19 గురువారం గద, మీరు శుక్రవారం అని రాసిన్రు" అని అడుగుతారు. ఒక్క తేదీనే ఉంటే ఆ తప్పు ఎవరికీ కనబడదు.

"అంత ముందెందుకు" అన్న పేరా మీద మా సెల్‌లోనే వాదన నడిచింది. పిల్లలకు కారణాలు చెప్పాల్సిన పనేంటి, రమ్మన్నప్పుడు రావాలి అని మా సీనియర్ ఒకరు అన్నారు. నేను మాత్రం ఆ పేరా తీయను. 8:45కూ 10:00కూ మధ్య ఖాళీగా కనిపిస్తే పిల్లవాడు తనంతట తాను ఒక టైమ్ వేసుకుంటాడు. మధ్యలో ఏం జరుగుతుందో కనిపిస్తే ఏది పోగొట్టుకుంటాడో తెలుస్తుంది.

చివరి లైను కూడా అంతే. టెస్ట్ అయ్యాక ఆగాలో పోవాలో చెప్పకపోతే రెండో బ్యాచ్‌లో నర్సంపేట, ములుగు పిల్లలు చీకటి పడేదాకా మెట్ల మీద కూర్చుంటారు.

పంపాక వచ్చే మార్పులు

టెస్టుకు రెండు రోజుల ముందు సాయంత్రం పంపితే ఊరెళ్ళినవాళ్ళు కూడా తిరిగి రావడానికి ఒక పగలు చేతిలో ఉంటుంది. గ్రూపులో అడ్మిన్లే రాసేలా పెట్టండి. లేకపోతే 164 "ఓకే సార్"ల కింద ప్రకటన మునిగిపోతుంది. వస్తామని చెప్పడానికి ఒక పోల్ పెడితే చాలు.

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల దాకా సరిదిద్దొచ్చు. అక్షరదోషం ఉంటే దిద్దండి, టైమ్ మాత్రం అలా దిద్దకండి. ఆ లోపే సీఎస్ఈ గ్రూపుకూ, ఈసీఈ గ్రూపుకూ పాత టైమ్‌తో ఫార్వర్డ్ అయిపోయి ఉంటుంది, మీరు దిద్దినది అక్కడ మారదు. టైమ్ మారితే కొత్త మెసేజ్ పెట్టండి. పైన ప్రకటన 2 అని, ఎప్పుడు పంపారో వేయండి. మొదటి లైనులో మారినదొక్కటే రాయండి: "రెండో బ్యాచ్ టెస్ట్ 2:00 కాదు, 2:30. హాస్టల్ వాళ్ళు 12:45 కాదు, 1:15కు, బయటివాళ్ళు 1:00 కాదు, 1:30కు రావాలి. లేటు గీతలు 1:15, 1:45 కాదు, 1:45, 2:15. మిగతావన్నీ ప్రకటన 1లో ఉన్నట్టే." మొత్తం మెసేజ్ మళ్ళీ పెడితే ఏది మారిందో వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. నంబరు ఉంటే రేపు పొద్దున ఎవరైనా తమ ఫోన్ చూపించి "ఇట్లనే ఉంది సార్" అన్నప్పుడు అది ఒకటోదో రెండోదో వెంటనే తెలిసిపోతుంది.

మన దగ్గర క్యాలెండర్ కూడా చూడాలి. మేడారం జాతర ఏడాదిలో, అంటే రెండేళ్ళకోసారి, బస్సులు అటు మళ్ళుతాయి, హనుమకొండ నుంచి ములుగు రోడ్డు కదలదు. ఆ నాలుగు రోజుల్లో టెస్ట్ పెడతామంటే కంపెనీకి విషయం చెప్పి జరిపించుకోవడమే మేలు. హైదరాబాద్‌లో ఉన్న హెచ్ఆర్‌కు అది మనం చెబితే తప్ప తెలియదు. సద్దుల బతుకమ్మ మర్నాడు పొద్దున 8:45 అని రాసేముందు కూడా ఒకసారి ఆలోచించండి. వానాకాలంలో అయితే రాత్రంతా కురిసినప్పుడు నయీంనగర్ నాలా ఎలా ఉందో పొద్దున ఆరింటికే కనుక్కుని, దారి మార్చుకోవాల్సి వస్తే ఏడులోపే గ్రూపులో చెప్పేయాలి. ఎనిమిదింటికి చెబితే అప్పటికే వాళ్ళు ఆటోలో ఉంటారు.

ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ఒక చిన్న గుర్తు చేసే మెసేజ్ చాలు: బ్యాచ్, టైమ్, హాల్, ఆధార్. అందులో కొత్త విషయం ఒక్కటీ ఉండకూడదు. కొత్తది ఉంటే అది గుర్తు చేయడం కాదు, ప్రకటన 3.

టెస్ట్ పొద్దున టేబుల్ దగ్గరున్న జూనియర్‌తో సంతకం పక్కన వచ్చిన టైమ్ కూడా రాయించండి. సాయంత్రం ఆ కాగితం పట్టుకుని చూస్తే మన లెక్క ఎక్కడ తప్పిందో కనిపిస్తుంది. 8:45కు రావాల్సిన 45 మందిలో 40 మంది 8:40 నుంచి 8:50 మధ్య వచ్చి, క్యూ మాత్రం 9:25 దాకా సాగిందంటే తప్పు పిల్లలది కాదు, టేబుల్‌ది. లిస్టు హాల్ టికెట్ నంబర్ వరసలో లేక పేరు వెతకడానికి 40 సెకన్లకు బదులు నిమిషం పైన పట్టి ఉంటుంది. అలాంటప్పుడు వచ్చే కంపెనీకి రిపోర్టింగ్ టైమ్ ముందుకు జరపొద్దు. లిస్టును నంబర్ వరసలో ప్రింట్ తీసి, రెండు ముక్కలు చేసి, టేబుల్‌కు ఒకటి ఇవ్వండి.